వాక్యంలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా: చివరి నుంచి వెనక్కి చదివే పద్ధతి

"ఈసారి అచ్చయిన పుస్తకాల ధర బాగా పెరిగాయి."

ఈ వాక్యంలో ఒక్కో మాటా విడిగా చూస్తే ఏ తప్పూ లేదు. 'పుస్తకాల' సరైన మాటే, 'ధర' సరైన మాటే, 'పెరిగాయి' కూడా సరైన మాటే. స్పెల్లింగ్ చూసే సాఫ్ట్‌వేర్ దీని కింద ఎర్రగీత గీయదు. కానీ పెరిగింది పుస్తకాలు కాదు, ధర. ధర ఒకటే కాబట్టి 'పెరిగింది' అని రావాలి. వాక్యంలో తప్పులు చాలావరకు ఇలాంటివే. తప్పు మాటలో ఉండదు, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఉన్న సంబంధంలో ఉంటుంది. అందుకే మామూలుగా చదువుకుంటూ పోతే అది కంటికి ఆనదు. రాసింది మనమే అయితే అసలే ఆనదు, ఎందుకంటే మనం కాగితం మీద ఉన్నది కాకుండా మనసులో అనుకున్నది చదివేస్తాం.

నేను చాలాకాలంగా ఇతరులు రాసిన తెలుగు దిద్దుతున్నాను. నివేదికలు, నోటీసులు, వ్యాసాలు, అప్పుడప్పుడు కథలు. ఆ పనిలో నాకు బాగా అక్కరకొచ్చిన పద్ధతి ఒక్కటే: వాక్యాన్ని మొదటి నుంచి కాకుండా చివరి నుంచి వెనక్కి చదవడం. తెలుగులో క్రియ సాధారణంగా చివర ఉంటుంది. ఎవరు చేశారు, ఎవరిని చేశారు, దేనితో చేశారు, ఎప్పుడు చేశారు, ఇవన్నీ ఆ క్రియకే వచ్చి తగులుకుంటాయి. కాబట్టి ముందు దాన్ని పట్టుకుంటే మిగతావి ఒక్కొక్కటిగా అడిగి సరిచూసుకోవచ్చు. అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఈ క్రియ ఎవరిది? ఈ క్రియ ఏ విభక్తి కోరుతోంది? క్రియావిశేషణం తాను చేరాల్సిన క్రియ పక్కనే ఉందా?

మొదటి ప్రశ్న: ఈ క్రియ ఎవరిది?

క్రియ చివర చూడండి. వచ్చాను, వచ్చాం, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు తెలుగు క్రియకు ఉన్న ముగింపులు ఈ ఏడే. ముగింపు చూశాక వెనక్కి వెళ్లి "ఎవరు?" లేదా "ఏది?" అని అడగండి. జవాబుగా వచ్చిన మాట, ఈ ముగింపు ఒకదానికొకటి కుదరాలి. వినడానికి తేలికే. ఇబ్బందల్లా ఆ జవాబు పట్టుకోవడంలోనే ఉంది, ఎందుకంటే కర్తలా కనబడే మాటలు వాక్యంలో ఒకటికి రెండు ఉంటాయి.

పై వాక్యంలో 'పుస్తకాల' అన్నది అలాంటి మాట. అది బహువచనం, పైగా పెద్దగా కనిపిస్తుంది. రాసేవాళ్ల చెవిలో ఆ బహువచనమే మోగుతూ ఉంటుంది కాబట్టి క్రియ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే 'పెరిగాయి' అని రాసేస్తుంది. కానీ '-లు' కాస్తా '-ల' అయిందంటే ఆ మాట కర్త స్థానం వదిలేసిందని గుర్తు. పుస్తకాలు కర్త కాగలవు, 'పుస్తకాల' కాలేదు. అది వెనక వచ్చే ఇంకో మాటకు కట్టుబడి ఉంది. కాబట్టి విద్యార్థుల సంఖ్య పెరిగింది, రోడ్ల పరిస్థితి మారింది, సభ్యుల అభిప్రాయం వేరుగా ఉంది. '-ల' తో ఆగిన మాట కనబడితే దాన్ని దాటేసి ముందుకు వెళ్లండి. కర్త ఆ తర్వాత ఉంటుంది.

ఇంకో రకం మోసం ఉంది, ఇది మరీ కష్టం. "కమిటీ ఈసారి చాలా ముఖ్యమైన నిర్ణయాలు తీసుకున్నాయి." ఇక్కడ 'నిర్ణయాలు' దగ్గర '-ల' లేదు, నిండుగా '-లు' ఉంది. అయినా అది కర్త కాదు. తెలుగులో ప్రాణం లేని వస్తువు కర్మగా వచ్చినప్పుడు 'ని, ను' చేర్చకపోయినా చెల్లుతుంది. నిర్ణయాలను తీసుకుంది అనక్కర్లేదు, నిర్ణయాలు తీసుకుంది అంటే చాలు. దాంతో కర్తా కర్మా ఒకే వేషంలో నిలబడతాయి, పైగా క్రియకు దగ్గరగా ఉన్నది కర్మ. ఇలాంటిచోట అనుమానం వస్తే ఒక చిన్న పరీక్ష చేయండి. ఆ మాటకు 'ను' తగిలించి చదవండి. "కమిటీ నిర్ణయాలను తీసుకుంది" బాగానే ఉంది. అంటే అది కర్మ. "కమిటీని నిర్ణయాలు తీసుకున్నాయి" అంటే అర్థమే లేదు. అంటే కమిటీయే కర్త, క్రియ 'తీసుకుంది'.

కర్త దొరికాక ముగింపు కుదిరిందో లేదో చూడాలి. ఇక్కడ తెలుగుకు తనదైన లెక్క ఉంది. ఏకవచనంలో మగవాళ్లు ఒకవైపు, మిగతా అందరూ అన్నీ ఇంకోవైపు. అతను వచ్చాడు; ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. బహువచనానికి వచ్చేసరికి గీత జరుగుతుంది. మనుషులంతా ఒకవైపు, మిగతావి ఇంకోవైపు. ఆడవాళ్లు వచ్చారు, మగవాళ్లు వచ్చారు; ఆవులు వచ్చాయి, బండ్లు వచ్చాయి. పాత వ్యాకరణాలు మహత్తు, అమహత్తు అని చెప్పిన విభజన ఇదే. మాట్లాడేటప్పుడు ఇందులో ఎవరూ తప్పు చేయరు. తప్పు వచ్చేది మనుషుల గుంపును సూచించే మాటల దగ్గర. "వరద వచ్చాక 40 కుటుంబాలు వేరే ఊరికి వెళ్లిపోయారు" అని రాస్తారు. కుటుంబంలో ఉన్నది మనుషులే, కానీ 'కుటుంబం' అనే మాట మనిషి పేరు కాదు. అందుకే కుటుంబాలు వెళ్లిపోయాయి, జట్టు గెలిచింది, బృందాలు చేరుకున్నాయి. అదే సభ్యులు, ఆటగాళ్లు అని ఉంటే '-రు' రావాలి. 'జనం' మాత్రం ఈ లెక్కకు లొంగదు. రూపం ఏకవచనమే అయినా అందులో మనుషులే వినబడతారు కాబట్టి జనం వచ్చారు అనే అంటాం, సిబ్బంది వచ్చారు కూడా అంతే.

కొన్ని మాటలు ఎప్పుడూ బహువచనంలోనే ఉంటాయని మర్చిపోతుంటాం. పాలు విరిగాయి, నీళ్లు వచ్చాయి. కానీ 'నీరు' అని రాస్తే నీరు వచ్చింది. దిద్దేటప్పుడు 'నీళ్లు' తీసి 'నీరు' పెట్టి, క్రియను అలాగే వదిలేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. డబ్బు, డబ్బులు కూడా అంతే: డబ్బు ఖర్చయింది, డబ్బులు ఖర్చయ్యాయి.

'కి, కు' చేరిన మాట కర్త కాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. "ఆయనకు ఇద్దరు కూతుళ్లు" తర్వాత 'ఉన్నారు' అని ఎందుకు వస్తుంది? క్రియ కూతుళ్ల వెంట నడుస్తోంది కాబట్టి. "నాకు భయం వేసింది" లో అనుభవం నాదే అయినా క్రియ భయానిది. వాక్యం పొడవై, 'నాకు' మొదట్లో ఎక్కడో ఉండి, మధ్యలో రెండు మూడు ముక్కలు వచ్చిపడితే, చివర "చాలా భయంగా ఉన్నాను" అని రాసేయడం చూస్తుంటాను. "నాకు" తో మొదలుపెడితే "భయంగా ఉంది" అనే ముగించాలి.

ఇక లేదు, లేరు సంగతి. ఇది రెండు మాటల్లో తేలదు. "ఇంట్లో ఎవరూ లేరు" సరైనది, ఎందుకంటే 'ఉన్నారు'కు వ్యతిరేకం 'లేరు'. కానీ జరగని పని చెప్పేటప్పుడు 'లేదు' ఎవరి వెంటా నడవదు. నేను రాలేదు, వాళ్లు రాలేదు, బండ్లు రాలేదు, అన్నిటికీ ఒకటే. ఈ తేడా తెలియక, పొందిక కుదర్చాలన్న పట్టుదలతో "నిన్న వాళ్లు రాలేరు" అని దిద్దేవాళ్లున్నారు. అప్పుడు అర్థమే మారిపోతుంది. రాలేరు అంటే రావడానికి వీలుపడదు అని. తప్పు లేని వాక్యంలోకి తప్పు తెచ్చిపెట్టడం అంటే ఇదే.

రెండో ప్రశ్న: ఈ క్రియ ఏ విభక్తి కోరుతోంది?

ఇంగ్లీషులో ప్రిపొజిషన్ మాటకు ముందు వస్తుంది. ఆ పని మనకు మాట వెనక వచ్చే విభక్తులు చేస్తాయి: ని, కి, తో, కోసం, గురించి, వల్ల, నుంచి, లో, మీద. బడిలో వీటిని ప్రథమా విభక్తి, ద్వితీయా విభక్తి అని వరసగా బట్టీ పట్టాం. ఆ పట్టిక వ్యాకరణం అర్థం కావడానికి పనికొస్తుంది కానీ, వాక్యం దిద్దేటప్పుడు దాన్ని తలచుకుంటే లాభం లేదు. ఏ విభక్తి రావాలో నిర్ణయించేది ముందున్న మాట కాదు, చివరున్న క్రియ.

అడగడం, చెప్పడం తీసుకోండి. ఎదుటి మనిషి ఒకడే, పనీ దగ్గర దగ్గరగా ఒకటే. అయినా అతన్ని అడిగాను, అతనికి చెప్పాను. పెళ్లి సంగతి చూడండి. అతన్ని పెళ్లి చేసుకుంది, అతనితో పెళ్లయింది. జరిగింది ఒకటే, క్రియ మారగానే విభక్తి మారింది. సభకు హాజరయ్యారు, సభలో పాల్గొన్నారు, సభను ప్రారంభించారు.

ఈ చివరి ఉదాహరణ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే విభక్తి తప్పుల్లో నాకు ఎక్కువగా కనబడేది ఇక్కడే. "సభకు పాల్గొన్నారు" అని మొదటిసారే ఎవరూ రాయరు. ముందు "సభకు హాజరయ్యారు" అని రాసి ఉంటారు. మళ్లీ చదివినప్పుడు పై వాక్యంలో కూడా 'హాజరయ్యారు' ఉందని గమనించి, దాన్ని తీసి 'పాల్గొన్నారు' పెడతారు. కన్ను మార్చిన మాట మీదే ఉంటుంది, ముందున్న 'కు' మీదికి పోదు. కాబట్టి ఒక అలవాటు చేసుకోండి. క్రియను మార్చిన ప్రతిసారీ ఆ వాక్యంలో ఉన్న విభక్తులన్నిటినీ ఆ క్రియతో కలిపి మళ్లీ ఒకసారి చదవండి. మధ్యలో ఉన్నవి తీసేసి, ఆ రెండు ముక్కలే పక్కపక్కన పెట్టి చదవాలి. "ప్రభుత్వంపై, రైతులు ఎంతోకాలంగా ఎదురుచూస్తున్న పథకాన్ని వెంటనే అమలు చేయాలని కోరారు" అన్న వాక్యం పొడవులో తప్పు దాక్కుంటుంది. "ప్రభుత్వంపై కోరారు" అని ఆ రెండే చదివితే చెవికి వెంటనే తగులుతుంది. ఒత్తిడి తెస్తే ప్రభుత్వంపై తెస్తారు, కోరితే ప్రభుత్వాన్ని కోరతారు.

వల్ల, ద్వారా రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేయడం ఈమధ్య బాగా పెరిగింది. "వర్షం ద్వారా మ్యాచ్ ఆగిపోయింది" అని రాస్తున్నారు. వర్షం మ్యాచ్ ఆగడానికి కారణం, ఎవరో ఎంచుకున్న సాధనం కాదు. సాధనం అయితే 'ద్వారా', కారణం అయితే 'వల్ల'. ఉత్తరం ద్వారా తెలియజేశారు, బ్యాంకు ద్వారా చెల్లించారు. వర్షం వల్ల ఆగింది, నిర్లక్ష్యం వల్ల పాడైంది. తేల్చుకోవడానికి 'ద్వారా' ఉన్నచోట 'ని ఉపయోగించి' అని పెట్టి చూడండి. వర్షాన్ని ఉపయోగించి మ్యాచ్ ఆపారు అంటే పొసగదు కదా, అయితే అక్కడ 'వల్ల' ఉండాలి.

కోసం, గురించి విషయంలో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. రాతలో "నీ గురించి ఆలోచిస్తున్నాను", "నీ కోసం ఎదురుచూస్తున్నాను" అని వేరుగా ఉంచుతాం. కొన్నిచోట్ల మాటల్లో 'కోసం' అనాల్సినచోట 'గురించి' వినబడుతుంది. కథలో పాత్ర అలా మాట్లాడితే దాన్ని ముట్టుకోకండి, అది ఆ మనిషి మాట. నోటీసులోనో నివేదికలోనో వస్తే దిద్దండి.

విభక్తి తప్పుల్లో నన్ను బాగా కలవరపెట్టినది మాత్రం వేరే. ఒకసారి ఒక సంస్థ లోపల పంచే వార్తాపత్రానికి నేను దిద్దిన శీర్షిక ఇది: "డాక్టర్లు, నర్సులకు జీతాలు పెంచారు." వార్త ఏమిటంటే ఇద్దరి జీతాలూ పెరిగాయి. అది అచ్చయ్యాక ఒకరు ఫోన్ చేసి, నర్సులకు జీతాలు పెంచింది డాక్టర్లా అని అడిగారు. మళ్లీ చదివి చూస్తే వాక్యం నిజంగా అదే చెబుతోంది. 'డాక్టర్లు' దగ్గర విభక్తి లేదు. అందువల్ల అది కర్తగా నిలబడింది, క్రియ '-రు' తో ముగిసింది కాబట్టి పొందిక కూడా చక్కగా కుదిరిపోయింది. వరసగా ఉన్న పేర్లకు చివర్లో ఒక్కసారే విభక్తి పెట్టడం పత్రికల్లో బాగా అలవాటైన పద్ధతి, చోటు కలిసొస్తుంది. కానీ ఆ పేర్లు పని చేయగలిగిన మనుషులవైతే మొదటి పేరు కర్తగా మారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. "డాక్టర్లకు, నర్సులకు జీతాలు పెంచారు" అంటే అదనంగా పట్టేది ఒక్క అక్షరం చోటు. అప్పటి నుంచి నేను ఎక్కడ వరస కనబడినా ప్రతి పేరుకూ విడిగా విభక్తి ఉందో లేదో చూస్తాను.

'యొక్క' గురించి ఒక్కమాట. సీత యొక్క పుస్తకం అనక్కర్లేదు, సీత పుస్తకం చాలు. కనబడినచోటల్లా తీసేసి చదవండి, చాలావరకు వాక్యం బాగుపడుతుంది.

మూడో ప్రశ్న: క్రియావిశేషణం ఎవరి పక్కన ఉంది?

ఎప్పుడు, ఎలా, ఎంత అని చెప్పే మాటలు ఇవి: నిన్న, వెంటనే, వేగంగా, గట్టిగా, మళ్లీ. తెలుగు వాక్యంలో వీటికి చాలా స్వేచ్ఛ ఉంది, ఎక్కడ పెట్టినా వాక్యం వాక్యంలాగే వినబడుతుంది. ఆ స్వేచ్ఛే చిక్కు తెచ్చిపెడుతుంది. వాక్యంలో క్రియ ఒకటే ఉంటే ఏ బాధా లేదు. 'వచ్చిన', 'చేసిన', 'ఆగిపోయిన' లాంటి మాట ఇంకోటి ఉంటే అదీ ఒక క్రియే, దానికీ క్రియావిశేషణం తగులుకోగలదు.

"నిన్న వచ్చిన ఉత్తరం చదివాను." నిన్న జరిగింది ఏమిటి? రావడమా, చదవడమా? చదివేవాళ్లు ఇలాంటిచోట ఎక్కువగా కుడివైపు మొదట తగిలిన క్రియతోనే కలుపుకుంటారు. అంటే ఉత్తరం నిన్న వచ్చిందనే అర్థమవుతుంది. మీ ఉద్దేశం అదే అయితే వాక్యం బాగానే ఉంది. చదవడం నిన్న జరిగితే "వచ్చిన ఉత్తరం నిన్న చదివాను" అని క్రియకు దగ్గరగా జరపాలి. రెండూ చెప్పాలంటే "నిన్న వచ్చిన ఉత్తరం ఇవాళ చదివాను." సూత్రం ఇంతే: క్రియావిశేషణానికీ అది చేరాల్సిన క్రియకూ మధ్య ఇంకో క్రియ రాకూడదు. దిద్దేటప్పుడు ప్రతి క్రియావిశేషణం నుంచి కుడివైపుకు వేలు జరుపుకుంటూ వెళ్లండి. మొదట తగిలిన క్రియ మీరు అనుకున్నదేనా అని చూసుకోండి.

మాత్రమే, కూడా, కనీసం లాంటివి వేరే తీరు. 'మాత్రమే', 'కూడా' ఎడమవైపు ఉన్న మాటకు అంటుకుంటాయి. రవి మాత్రమే ఆదివారం పాఠం చెబుతాడు అంటే ఇంకెవరూ చెప్పరు. రవి ఆదివారం మాత్రమే పాఠం చెబుతాడు అంటే మిగతా రోజుల్లో చెప్పడు. రవి ఆదివారం పాఠం మాత్రమే చెబుతాడు అంటే ఆ రోజు ఇంకో పని పెట్టుకోడు. మూడూ సరైన వాక్యాలే, మూడు వేర్వేరు సంగతులు. అందుకే ఇక్కడ తప్పు పట్టాలంటే వ్యాకరణం ఒక్కటే సరిపోదు, రాసినవాళ్ల ఉద్దేశం తెలియాలి. తెలియకపోతే వాళ్లనే అడగాలి, ఊహించి దిద్దకూడదు. 'కనీసం', 'దాదాపు' కుడివైపు మాటను పట్టుకుంటాయి కాబట్టి అంకెకు ముందే ఉంచండి: దాదాపు 20 మంది.

క్రియావిశేషణంలా పనిచేసే ఇంకో ముక్క ఉంది. 'దిగుతూ', 'తింటూ', 'చదివి' లాంటివి. "బస్సు దిగుతూ ఫోన్ కిందపడింది." దిగింది ఎవరు? వాక్యం ప్రకారం ఫోన్. '-తూ' తో ముగిసిన పనినీ చివరి క్రియ పనినీ చేసేది ఒకరే కావాలి. "బస్సు దిగుతూ ఫోన్ కింద పడేసుకున్నాను" అంటే సరిపోతుంది. చేసేవాళ్లు వేరయితే '-తూ' తీసి '-తుండగా' పెట్టాలి: "నేను బస్సు దిగుతుండగా ఫోన్ కిందపడింది." 'చేసి, వెళ్లి' లాంటివాటికి కూడా ఇదే నియమం, కానీ ఒక వెసులుబాటు ఉంది. మొదటిది రెండోదానికి కారణమైతే కర్తలు వేరైనా చెల్లుతుంది. వర్షం పడి గోడ కూలింది. దీన్ని దిద్దబోకండి, ఇది నిక్షేపంలాంటి తెలుగు.

ఒక పేరా దిద్ది చూద్దాం

ఒక సంఘం సమావేశం గురించి రాసిన నివేదికలో ఇలా ఉందనుకోండి:

"గత నెలలో వచ్చిన ఫిర్యాదుల మీద చర్చించడానికి కమిటీ సభ్యులు నిన్న సమావేశమైంది. ఫిర్యాదుల సంఖ్య ఈసారి బాగా పెరిగాయి. సిబ్బంది కొరత ద్వారా పనులు ఆలస్యమవుతున్నాయని కార్యదర్శి చెప్పారు. కొత్తవాళ్లను తీసుకోవాలని అధ్యక్షుడికి కోరారు. వెంటనే ఆగిపోయిన పనులు మొదలుపెట్టాలని నిర్ణయించారు."

మొదటి వాక్యం చివర 'సమావేశమైంది'. ఎవరు? కమిటీ అని ఆగిపోకూడదు, కమిటీ సభ్యులు. మనుషులు, పైగా బహువచనం, కాబట్టి 'సమావేశమయ్యారు'. లేదా 'సభ్యులు' తీసేసి "కమిటీ నిన్న సమావేశమైంది" అనాలి. బహుశా రాసినవాళ్లు మొదట అలాగే రాసి, తర్వాత 'సభ్యులు' చేర్చి ఉంటారు. క్రియావిశేషణాలు చూడండి. 'గత నెలలో' కుడివైపు మొదట తగిలేది 'వచ్చిన', ఫిర్యాదులు వచ్చింది అప్పుడే. 'నిన్న' నేరుగా సమావేశానికే తగులుతోంది. రెండూ సరైనచోటే ఉన్నాయి.

రెండో వాక్యం ఇప్పుడు మీకు కొత్త కాదు. 'ఫిర్యాదుల' దగ్గర '-ల' ఉంది, దాటేయండి. సంఖ్య పెరిగింది.

మూడోదాంట్లో క్రియలు రెండు. 'చెప్పారు' కార్యదర్శిది, 'ఆలస్యమవుతున్నాయి' పనులది, రెండూ కుదిరాయి. విభక్తి దగ్గర మాత్రం కొరతను ఉపయోగించి ఎవరూ పనులు ఆలస్యం చేయడం లేదు. అందుకే 'కొరత వల్ల'.

నాలుగోదాంట్లో 'అధ్యక్షుడికి కోరారు' అని రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టగానే తెలిసిపోతుంది, 'అధ్యక్షుణ్ణి కోరారు'. అయితే ఈ వాక్యంలో ఇంకో లోపం ఉంది, అది దిద్దేవాళ్లకు సాధారణంగా తప్పిపోతుంది. కోరింది ఎవరు? కర్తే లేదు. తెలుగులో కర్తను వదిలేయడం తప్పు కాదు, క్రియ ముగింపే కర్త ఎవరో చెబుతుంది. కానీ '-రు' అనే ముగింపు ఒక మనిషిని గౌరవించడానికీ వస్తుంది, చాలామంది ఉన్నప్పుడూ వస్తుంది. కోరింది కార్యదర్శా, సభ్యులా? ముందు వాక్యం చదివితే కార్యదర్శి అనిపిస్తుంది, కానీ ఖాయంగా చెప్పలేం. ఇక్కడ కర్తను పెట్టి తీరాలి, ఎవరో రాసినవాళ్లే చెప్పాలి. సభ్యులు కోరారని తేలిందనుకుందాం.

చివరి వాక్యంలో 'వెంటనే' నుంచి వేలు కుడివైపుకు జరిపితే మొదట తగిలేది 'ఆగిపోయిన'. పనులు వెంటనే ఆగిపోయాయన్నమాట. చెప్పదలచుకున్నది అది కాదు. 'వెంటనే' తీసుకెళ్లి 'మొదలుపెట్టాలని' పక్కన పెట్టాలి. ఇక్కడ కూడా 'నిర్ణయించారు' ఒంటరిగా ఉంది, కానీ ఇప్పుడు ముందు వాక్యంలో సభ్యులు ఉన్నారు కాబట్టి అది వాళ్లకే చెందుతుంది. అధ్యక్షుడు నిర్ణయించి ఉంటే మాత్రం ఇక్కడా పేరు చెప్పాల్సిందే.

దిద్దాక పేరా ఇలా ఉంటుంది:

"గత నెలలో వచ్చిన ఫిర్యాదుల మీద చర్చించడానికి కమిటీ సభ్యులు నిన్న సమావేశమయ్యారు. ఫిర్యాదుల సంఖ్య ఈసారి బాగా పెరిగింది. సిబ్బంది కొరత వల్ల పనులు ఆలస్యమవుతున్నాయని కార్యదర్శి చెప్పారు. కొత్తవాళ్లను తీసుకోవాలని సభ్యులు అధ్యక్షుణ్ణి కోరారు. ఆగిపోయిన పనులు వెంటనే మొదలుపెట్టాలని నిర్ణయించారు."

మీరు సొంతంగా చేసేటప్పుడు మూడు ప్రశ్నలూ ఒకేసారి వేసుకోకండి. పేరా మొత్తాన్ని ఒకసారి కర్త, క్రియల కోసం మాత్రమే చదవండి, రెండోసారి విభక్తుల కోసం, మూడోసారి క్రియావిశేషణాల కోసం. మూడూ కలిపి వెతికితే మొదటి వాక్యంలో దొరికిన తప్పు ఏ రకందో, కన్ను పేరా అంతా ఆ రకాన్నే వెతుకుతుంది. ఇంకో సంగతి, ఆఖరి వాక్యంతో మొదలుపెట్టి ఒక్కో వాక్యమే వెనక్కి రండి. వరసగా చదివితే విషయం మనల్ని లాక్కుపోతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఏ వాక్యానికా వాక్యం విడిగా నిలబడుతుంది, 'కోరారు' లాంటి కర్తలేని క్రియలు కూడా అప్పుడే బయటపడతాయి. అన్నీ దిద్దాక మాత్రం పై నుంచి కిందికి ఒకసారి గట్టిగా పైకి చదవండి. ఒక మాట జరిపినప్పుడు దాని పాతచోట మిగిలిపోయిన కామానో, రెండుసార్లు పడిన 'వెంటనే'నో చెవికి దొరికేది అప్పుడే.